ముందు దెయ్యమా, దేవుడా?

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం ఇంతమంది వస్తారనుకోలేదు. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

ఈరోజు ఒక పాత ప్రశ్న గురించి మాట్లాడతాను. మనిషికి ముందు తట్టింది దెయ్యమా, దేవుడా? నవ్వకండి. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఇంగ్లండులో పెద్దపెద్ద పండితులు ఈ ప్రశ్న మీద జీవితాలు గడిపారు. మాక్స్ ముల్లర్ సూర్యుడితో మొదలైందన్నాడు. హెర్బర్ట్ స్పెన్సర్ చనిపోయిన పెద్దల ప్రేతాలతో అన్నాడు. ఫ్రేజర్ అసలు మతానికంటే ముందు మంత్రతంత్రాలున్నాయన్నాడు. ఎవరికి వాళ్ళు చాలా ధీమాగా చెప్పారు. తర్వాతి తరాలవాళ్ళు వచ్చి ఏం చేశారు? "మీ జవాబు తప్పు, ఇదిగో అసలు జవాబు" అన్నారా? కొందరు అలాగే మొదలుపెట్టారు. కానీ చివరికి చాలామంది ఆ ప్రశ్ననే పక్కన పెట్టేశారు. ఎందుకు పెట్టేశారన్నదే నా విషయం. అందరి సంగతీ చెప్పను. ఒక మనిషిని పట్టుకుంటాను, టైలర్‌ని. ఒక చోటుని పట్టుకుంటాను, మన బంగాళాఖాతంలోనే ఉన్న అండమాన్ దీవుల్ని.

ఎడ్వర్డ్ బర్నెట్ టైలర్ 1832లో లండన్‌లో పుట్టాడు. ఇత్తడి పోత పోసే ఫౌండ్రీ ఉన్న కుటుంబం. వాళ్ళు క్వేకర్లు, అంటే చర్చి ఆఫ్ ఇంగ్లండ్‌లో చేరని క్రైస్తవులు. ఆ రోజుల్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో డిగ్రీ కావాలంటే ఆ చర్చి సిద్ధాంతాలు ఒప్పుకోవాలి. కాబట్టి టైలర్ యూనివర్సిటీ చదువు చదవలేదు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లోనే మానవశాస్త్రానికి మొదటి ప్రొఫెసర్ అయ్యాడు, అది వేరే కథ. కుర్రాడిగా ఉన్నప్పుడు ఊపిరితిత్తుల జబ్బు లక్షణాలు కనిపిస్తే వాతావరణం మారాలని 1855లో అమెరికా ఖండానికి పంపారు. మరుసటేడు హవానాలో హెన్రీ క్రిస్టీ అనే ఇంకో క్వేకర్ తగిలాడు. పాత వస్తువులు సేకరించే మనిషి. ఇద్దరూ కలిసి మెక్సికో తిరిగారు. టైలర్ తన జీవితంలో చేసిన పెద్ద క్షేత్ర పర్యటన దాదాపు అదే. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

1871లో ఆయన పుస్తకం వచ్చింది, ప్రిమిటివ్ కల్చర్ అని, రెండు సంపుటాలు. మొదటి సంపుటం చివర్లో మొదలై రెండో సంపుటంలో చాలా భాగం ఒక్క విషయమే, యానిమిజం. మతం అంటే ఏమిటో అతి తక్కువ మాటల్లో చెప్పమంటే ఆయన చెప్పింది ఇది: కంటికి కనబడని ఆత్మల మీద నమ్మకం. ఆ నమ్మకానికే యానిమిజం అని పేరు పెట్టాడు. అంతే. గుడి అక్కర్లేదు, గ్రంథం అక్కర్లేదు, నీతి కూడా అక్కర్లేదు.

మరి ఆ నమ్మకం ఎలా పుట్టింది? టైలర్ అంటాడూ, తొలి మనిషిని రెండు ప్రశ్నలు వేధించాయి. ఒకటి, నిన్నటిదాకా తిరిగిన మనిషి ఇవాళ కట్టెలా పడి ఉన్నాడు, తేడా ఏమిటి? ఏది పోయింది? రెండు, రాత్రి కలలో వచ్చి మాట్లాడిన ఆ మనిషి ఎవరు? ఆయన చనిపోయి ఏడాదైందే! ఈ రెండు ప్రశ్నలనీ కలిపితే ఒక జవాబు వచ్చింది. ఒంట్లో ఒకటి ఉంది, అది ఊపిరిలా, నీడలా ఉంటుంది, బయటికి పోగలదు, వేరే చోట కనబడగలదు. అదే ఆత్మ. తర్వాత ఏమైంది? మనిషికి ఉంటే జంతువుకి ఎందుకు ఉండదు? జంతువుకి ఉంటే చెట్టుకి? రాయికి? ఆ తర్వాత ఒంటితో పని లేకుండా తిరిగే భూతాలు వచ్చాయి. వాటిలో పెద్దవి దేవతలయ్యాయి, వానకొకరు, యుద్ధానికొకరు. ఆ దేవతల సభకి ఒక పెద్ద వచ్చాడు. చివరికి ఆ పెద్ద ఒక్కడే మిగిలాడు. ఏకేశ్వరవాదం.

ఎంత చక్కగా ఉందో చూడండి. మెట్టు మీద మెట్టు. నిజం చెప్పాలంటే చదువుతుంటే నమ్మేయాలనిపిస్తుంది. మన వైకుంఠపాళి పటంలోంచి పాములన్నీ తీసేసి నిచ్చెనలు మాత్రమే ఉంచితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఎవరు ఆడినా పైకే పోతారు. కొందరు ముందు, కొందరు వెనక.

సరే, ఇదంతా ఆయనకెలా తెలుసు? మొదటి మనిషి కల గురించి ఏమనుకున్నాడో ఎవరు చూశారు?

ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, ఎందుకంటే కీలకం ఇక్కడే ఉంది. 1859కి ముందు చాలామంది ఇంగ్లీషువాళ్ళ లెక్కలో మనిషి వయసు ఆరు వేల ఏళ్ళు, బైబిల్ లెక్క. ఆ ఏడాది ప్రెస్ట్‌విచ్, ఎవాన్స్ అనే ఇద్దరు ఫ్రాన్సులోని ఆబ్‌విల్‌కి వెళ్ళి, ఎప్పుడో అంతరించిన జంతువుల ఎముకలున్న పొరల్లోనే మనిషి చెక్కిన రాళ్ళు ఉన్నాయని ఒప్పుకున్నారు. ఇంగ్లండులోని బ్రిక్స్‌హామ్ గుహలోనూ అలాంటివే దొరికాయి. ఒక్కసారిగా మనిషి వెనక అంతులేని కాలం తెరుచుకుంది. ఆ కాలంలో ఏముంది? రాళ్ళున్నాయి. రాయి చెప్పగలిగింది రాయి చెబుతుంది, ఎలా చెక్కారో, దేన్ని కోశారో. ఏం నమ్మారో చెబుతుందా? చెప్పదు. మరి ఆ ఖాళీని దేంతో నింపాలి?

బతికున్న మనుషులతో నింపారు. ఆస్ట్రేలియా ఆదివాసులు ఇంకా రాతి పనిముట్లు వాడుతున్నారు, కాబట్టి వాళ్ళ నమ్మకాలు రాతియుగపు నమ్మకాలు. ఇదీ తర్కం. పనిముట్టు పాతదైతే మనసూ పాతదే. చోటులో దూరంగా ఉన్నవాడు కాలంలో దూరంగా ఉన్నట్టు. దీన్నే తులనాత్మక పద్ధతి అన్నారు. టైలర్ ఒక్కడే కాదు, అప్పట్లో అందరూ అదే చేశారు. మిషనరీ రాసిన ఉత్తరం, ఓడ కెప్టెన్ డైరీ, కలెక్టరు రిపోర్టు, ఇవన్నీ లండన్‌లో బల్ల మీద పరిచి, ముక్కలు కోసి, మెట్ల వారీగా పేర్చారు. మరి ఏ ముక్క ఏ మెట్టు మీద పెట్టాలో ఎలా తెలుసు? మెట్లు ముందే ఉన్నాయి కదా, అందుకని తెలుసు. గమనించారా? మెట్లకి సాక్ష్యం ముక్కలు, ముక్కలకి చోటిచ్చేది మెట్లు. దీన్ని రుజువు అంటామా?

టైలర్‌కి ఇంకో ఆధారం ఉంది. దాన్ని ఆయన సర్వైవల్స్ అన్నాడు, అంటే పాత మెట్టు మీది అలవాటు కొత్త మెట్టు మీద కూడా మిగిలిపోవడం. తుమ్మితే "చిరంజీవ" అంటాం కదా మన ఇళ్ళలో? ఇంగ్లీషువాళ్ళు దేవుడు చల్లగా చూడాలంటారు. టైలర్ దీని మీద పేజీలకు పేజీలు రాశాడు. ఒకప్పుడు తుమ్ములో ఆత్మ బయటికి పోతుందనో, భూతం లోపలికి వస్తుందనో నిజంగా భయపడేవారు, భయం పోయింది, మాట మిగిలింది అని. బాగానే ఉంది. తుమ్ము వరకూ నాకూ పెద్ద పేచీ లేదు.

కానీ ఆయన కాలంలోనే లండన్‌లో ఏం జరుగుతోంది? దీపాలు తగ్గించి, బల్ల చుట్టూ కూర్చుని, చనిపోయినవాళ్ళని పిలిచి మాట్లాడించే కూటాలు. చదువుకున్న పెద్దమనుషుల ఇళ్ళలో! టైలర్ పుస్తకంలో దీన్ని కూడా ఆటవిక కాలపు మిగులు అని తేల్చేశాడు. 1872లో స్వయంగా అలాంటి కూటాలకు వెళ్ళి నోట్సు కూడా రాసుకున్నాడు. ఆ నోట్సు దాదాపు వందేళ్ళ తర్వాత అచ్చయింది. చాలావరకు మోసమే అనుకున్నాడు గాని, కొన్ని చోట్ల కొట్టిపారేయలేకపోయాడు. సరే, అది పక్కన పెట్టండి. ఈ కూటాల ఉద్యమం ఎప్పుడు మొదలైంది? 1848లో, న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక పల్లెలో, ఫాక్స్ అక్కచెల్లెళ్ళతో. అంటే టైలర్ పుస్తకం రాసేనాటికి పాతికేళ్ళు కూడా నిండలేదు. పాతికేళ్ళ కొత్త విషయం రాతియుగపు మిగులు ఎలా అవుతుంది? మనుషులు అక్కడికి ఎందుకు పోతున్నారు, పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులకి అక్కడ ఏం దొరుకుతోంది, ఇవి అడగాల్సిన ప్రశ్నలు. మిగులు అన్న మాట అనగానే ఆ ప్రశ్నలు అడగక్కర్లేకుండా పోయింది. తర్వాత మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త గట్టిగా పట్టుకున్నది ఈ పాయింటే. ఒక అలవాటు ఇవాళ బతికి ఉందంటే ఇవాళ దానికేదో పని ఉండి ఉంటుంది, ముందు అది చూడండి అన్నాడు.

టైలర్ మీద ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. ఆ కాలంలో నల్లవాళ్ళ మెదడే వేరు, వాళ్ళకి తర్కమే తెలియదు అనేవాళ్ళు బోలెడుమంది. టైలర్ అలా అనలేదు. ఆటవికుడు కూడా మనలాగే ఆలోచిస్తాడు, చేతిలో ఉన్న సమాచారం తక్కువ కాబట్టి తప్పు తేలుతుంది అన్నాడు. ఇంకోవైపు చర్చి పెద్దలు కొందరు, దేవుడు మొదట్లోనే అందరికీ సత్యం చెప్పాడు, ఆటవికులు తర్వాత దిగజారిపోయారు అని వాదించేవారు. టైలర్ పోరు వాళ్ళతో. పుస్తకం చివర ఆయన దాచుకోలేదు, ఈ శాస్త్రం సంస్కర్తల శాస్త్రం, హానిచేసే మూఢనమ్మకాలుగా మిగిలినవాటిని గుర్తుపట్టి తీసేయడం దీని పని అని రాసేశాడు. అంటే నిచ్చెన కట్టినవాడికి పైమెట్టు మీద ఎవరుండాలో ముందే ఒక అభిప్రాయం ఉంది.

ఇప్పుడు పాములు ఎక్కడినుంచి వచ్చాయో చూద్దాం.

మొదటి దెబ్బ టైలర్ శిష్యుడిలాంటివాడే కొట్టాడు. ఆండ్రూ లాంగ్, స్కాట్లండ్ మనిషి, పత్రికా రచయిత, జానపద కథలు పోగుచేసినవాడు. మొదట టైలర్ వెంటే నడిచాడు. 1898లో ఒక పుస్తకం రాసి ఎదురుతిరిగాడు. ఆయన పాయింటు చాలా సూటిగా ఉంది. మీ నిచ్చెనలో అన్నిటికంటే కింద మెట్టు ఎవరిది? ఆస్ట్రేలియా ఆదివాసులది. వాళ్ళ దగ్గర ఏముండాలి? దెయ్యాలూ భూతాలే ఉండాలి. కానీ ఆగ్నేయ ఆస్ట్రేలియాలో బయామే, దారములున్, బుంజిల్ అని ఆకాశంలో ఉండే పెద్దాయన ఒకడున్నాడు. అందరికీ తండ్రి. నీతి నేర్పినవాడు. ఎవరి ప్రేతమూ కాదు, ఎందుకంటే ఆయన అసలు చావలేదు. మరి మెట్లన్నీ ఎక్కకుండానే ఈయన కింది మెట్టు మీదికి ఎలా వచ్చాడు?

టైలర్ దీనికి 1892లోనే ఒక జవాబు ఇచ్చి ఉన్నాడు. మిషనరీలు చెప్పిన దేవుణ్ణే వీళ్ళు తమ పేరుతో చెబుతున్నారని. వినడానికి బాగానే ఉంది కదా? కానీ హోవిట్ అనే ఆయన, ఆ ఆదివాసుల కర్మకాండలో స్వయంగా కూర్చున్నవాడు, ఏం రాశాడు? దారములున్ పేరు కుర్రాళ్ళకి దీక్ష ఇచ్చేటప్పుడు మాత్రమే చెబుతారు. ఆడవాళ్ళ ముందు ఎత్తరు. తెల్లవాళ్ళ ముందు అసలు ఎత్తరు. మిషనరీ దగ్గర నేర్చుకున్నదాన్ని మిషనరీ దగ్గరే దాచిపెడతారా? లాంగ్ ఈ ప్రశ్న వదల్లేదు.

లాంగ్ అక్కడితో ఆగాడా? ఆగలేదు. అసలు ముందున్నది ఏకదేవుడే, దెయ్యాలు తర్వాత వచ్చాయి అన్నవైపు వెళ్ళాడు. ఆయన వెనక విల్హెల్మ్ ష్మిట్ అనే ఆస్ట్రియా కాథలిక్ ఫాదరీ వచ్చి, ఇదే వాదాన్ని పన్నెండు సంపుటాలు రాశాడు, 1912 నుంచి 1955 దాకా. అంటే ఏమైంది? నిచ్చెన తలకిందులైంది, అంతే. నిచ్చెన మాత్రం పోలేదు. అందుకే అండమాన్ కథ చెప్పాలి. అక్కడ ఈ రెండు నిచ్చెనలూ ఒకే నేల మీద ఢీకొన్నాయి.

మన వాళ్ళు చాలామంది పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నారు, ఇక్కడ కూడా చుట్టాలున్నవాళ్ళు ఉంటారు. 1858లో బ్రిటిష్‌వాళ్ళు అక్కడ ఖైదీల సెటిల్‌మెంట్ పెట్టారు. ఇ.హెచ్. మాన్ అనే అధికారి అక్కడ చాలా ఏళ్ళు పనిచేశాడు, గ్రేట్ అండమానీయుల భాష నేర్చుకున్నాడు, వాళ్ళ గురించి 1880ల మొదట్లో ఒక పెద్ద వివరణ రాశాడు. అందులో పులుగ అనే ఒకాయన గురించి ఉంది. ఏమని ఉంది? ఆయన అగ్నిలా ఉంటాడు, కానీ కనబడడు. పుట్టలేదు, చావడు. లోకాన్ని చేశాడు. పగటిపూట అన్నీ తెలుసు ఆయనకి, మనసులో మాట కూడా. తప్పు చేస్తే కోపం వస్తుంది. బాధలో ఉన్నవాళ్ళ మీద జాలి పడతాడు. చనిపోయాక తీర్పు చెప్పేదీ ఆయనే.

చదివితే ఏమనిపిస్తుంది? లాంగ్‌కి ఏమనిపించిందో ఊహించండి. ఎగిరి గంతేశాడు. భూమ్మీద అతి పురాతన జాతుల్లో ఒకటని అందరూ ఒప్పుకున్నవాళ్ళు, వాళ్ళకి బైబిల్‌లో ఉన్నంత దేవుడున్నాడు!

కానీ అదే మాన్, అవే పేజీల్లో ఇంకా ఏం రాశాడు? పులుగ ఆకాశంలో పెద్ద రాతి ఇంట్లో ఉంటాడు. ఆయనకి పెళ్ళాం ఉంది, ఆమె ఒళ్ళు ఆకుపచ్చగా ఉంటుంది. పిల్లలున్నారు. తింటాడు, తాగుతాడు, ఎండాకాలం ఎక్కువగా నిద్రపోతాడు. ఆయనకి కోపం తెప్పించే తప్పులేమిటంటే, తేనెమైనం కరిగించడం, ఇలకోడి కూస్తున్న వేళ చప్పుడు చేయడం, కొన్ని రకాల దుంపలు వేళకాని వేళ తవ్వడం. కోపం వస్తే తుఫాను పంపుతాడు.

ఇప్పుడు లాంగ్ ఏం చేశాడు? ఎత్తుగా ఉన్నవన్నీ మతం అన్నాడు. రాతి ఇల్లూ, పెళ్ళామూ, మైనమూ పుక్కిటి పురాణం అన్నాడు, తర్వాత చేరిన చెత్త అన్నాడు. ఎలా తెలుసు? మళ్ళీ అదే ప్రశ్న. అండమానీయులు చెప్పారా, ఇది మతం, ఇది కథ అని? చెప్పలేదు. ఒకే నోటి నుంచి, ఒకే ఊపిరిలో వచ్చిన మాటల్ని లండన్‌లో కూర్చుని రెండు కుప్పలు చేశారు.

1906లో కేంబ్రిడ్జ్ నుంచి ఒక కుర్రాడు దిగాడు, ఎ.ఆర్. బ్రౌన్. తర్వాత రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అని పేరు మార్చుకుని చాలా పెద్దవాడయ్యాడు. 1908 దాకా అక్కడ పనిచేశాడు. ఆయన చూసిందేమిటంటే, దక్షిణాన పులుగ అన్నవాడికి ఉత్తర తెగల్లో బిలికు అని పేరు. అక్కడ ఎక్కువగా ఆమె ఆడది! ఈశాన్యం నుంచి వీచే గాలికి ఆ పేరే వాడతారు. నైరుతి గాలికి తరై అని ఇంకొకరున్నారు. అంటే ఏడాదిని రెండుగా చీల్చే రెండు ఋతుపవనాలు. తుఫాను వస్తే వీళ్ళు దండం పెడతారా? లేదు, ఎక్కువగా బెదిరిస్తారు, ఆమెకు కిట్టని ఆకుల్ని నిప్పులో వేస్తారు. మైనం, దుంపలు, ఇలకోడి, ఇవన్నీ ఏడాదిలో ఏ కాలంలో ఏది దొరుకుతుందన్న లెక్కతో ముడిపడి ఉన్నాయి. కాబట్టి పులుగ మాన్ రాసిన న్యాయాధిపతి కాడు, కాలమూ వాతావరణమూ ఈ మనుషుల బతుకులో ఎంత ముఖ్యమో చెప్పే రూపం అన్నాడు బ్రౌన్.

లాంగ్, ష్మిట్ ఇద్దరూ 1910లో బ్రౌన్ మీద పడ్డారు. ష్మిట్ వాదం ఏమిటంటే, దక్షిణాది రూపమే అసలైనది, ఉత్తరాది ఆడ బిలికు తర్వాత పాడైపోయిన రూపం. చూడండి, సాక్ష్యం ఒకటే. కొత్తగా ఎవరూ ఏమీ తవ్వి తీయలేదు. ఎవరి నిచ్చెనకి ఏది సరిపోతే అది "అసలు", సరిపోనిది "తర్వాతి చేర్పు". టైలర్ దేవుణ్ణి తర్వాతి చేర్పు అన్నాడు. లాంగ్ పెళ్ళాన్ని తర్వాతి చేర్పు అన్నాడు. ష్మిట్ ఆడదేవతని తర్వాతి చేర్పు అన్నాడు. ఏది ముందో ఏది వెనకో చెప్పే తారీఖు ఒక్కటి కూడా ఎవరి చేతిలోనూ లేదు.

ఇంకో సంగతి, నాకు దీని మీద కాస్త కోపం ఉంది కాబట్టి చెబుతాను. ఈ "చెక్కుచెదరని ఆదిమ జాతి" అప్పటికి ఏ స్థితిలో ఉంది? సెటిల్‌మెంట్ పెట్టాక యాభై ఏళ్ళలో సిఫిలిస్ వచ్చింది, 1877లో తట్టు వచ్చి ఊళ్ళకు ఊళ్ళు పోయాయి. సెటిల్‌మెంట్‌కి ముందు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు 1901 జనాభా లెక్కల్లో ఆరు వందల పైచిలుకు. బ్రిటిష్‌వాళ్ళు నడిపిన అండమాన్ హోమ్స్ అనే ఆశ్రయాల్లో ఉన్నారు చాలామంది, వాటిని కొన్నాళ్ళు చూసుకున్నది కూడా మాన్‌గారే. బ్రౌన్ మాట్లాడినవాళ్ళలో హిందీ వచ్చినవాళ్ళున్నారు. కళ్ళ ముందు తెగ అంతరించిపోతుంటే, వీళ్ళ నోటి నుంచి రాతియుగం మాట్లాడుతోందని అక్కడ పండితులు వాదించుకుంటున్నారు. వీళ్ళకి కూడా చరిత్ర ఉంది, అది కళ్ళ ముందే జరుగుతోంది, అయినా లెక్కలోకి రాలేదు.

బ్రౌన్ కూడా మొదట చరిత్ర తవ్వడానికే వెళ్ళాడు, ఈ జాతి పూర్వం ఎలా ఉండేదో తేల్చాలని. తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు, రాతపూర్వక ఆధారం లేనిచోట అది ఊహాచరిత్రే అవుతుంది, దానివల్ల గట్టి ఫలితం రాదు అని. అందుకే ఈ నమ్మకం ఎక్కడ పుట్టింది అన్నది వదిలేసి, ఇక్కడ ఏం చేస్తోంది అన్న ప్రశ్నకి మళ్ళాడు. పుస్తకం 1922లో వచ్చింది.

అమెరికాలో ఫ్రాంజ్ బోయాస్ అనే మానవశాస్త్రవేత్త ఇదే సంగతిని ఇంకో దారిలో 1896లోనే చెప్పాడు. ఆయన ఉదాహరణ మాస్కులు. ముఖానికి మాస్కు కట్టుకోవడం లోకంలో చాలాచోట్ల ఉంది. మరి అన్నిచోట్లా ఒకే ఆలోచన నుంచి వచ్చిందా? ఒకచోట భూతం తనని గుర్తుపట్టకుండా కట్టుకుంటారు. ఒకచోట తానే ఆ భూతమై రావడానికి కట్టుకుంటారు. ఇంకోచోట చనిపోయిన ఆత్మీయుడి గుర్తుగా. మరోచోట ఉత్త నాటకం కోసం. చూడ్డానికి ఒకటే, పుట్టుక నాలుగు రకాలు. అలాంటప్పుడు రెండు చోట్ల ఒకే వస్తువు కనబడగానే ఒకే మెట్టు అని ఎలా అంటారు? ముందు ఒక్కో చోటి చరిత్ర విడిగా తేల్చండి, తర్వాత పోల్చండి అన్నాడు. చిన్న వ్యాసమే అది, కానీ దాని తర్వాత మెట్ల లెక్క వేసేవాళ్ళకి అమెరికాలో నోరు పెగలడం కష్టమైంది.

ఇక కల సంగతి. టైలర్ సిద్ధాంతానికి పునాది కల కదా? ఫ్రాన్సులో దుర్ఖైమ్ అనే సమాజశాస్త్రవేత్త 1912లో ఒక మామూలు ప్రశ్న వేశాడు. పగలంతా వేటాడి అలసిపోయి పడుకున్నవాడు, కల ఎందుకు వచ్చిందా అని తలపట్టుకుని కూర్చుంటాడా? మనకి రోజూ కలలు వస్తాయి, మనలో ఎంతమందిమి వాటి మీద సిద్ధాంతాలు కట్టాం? ఇంకో మాట కూడా అన్నాడు, ఇదంతా ఒట్టి భ్రమ అయితే వేల ఏళ్ళు లోకమంతా ఎలా నిలిచింది? సరే, దుర్ఖైమ్ తానూ ఊరుకోలేదు. ఆస్ట్రేలియా టోటెమిజమే, అంటే ఒక జంతువునో చెట్టునో తమ వంశానికి గుర్తుగా పెట్టుకుని పవిత్రంగా చూడడమే, మొట్టమొదటి మతం అని తనకంటూ ఒక కింది మెట్టు పెట్టుకున్నాడు. అలవాటు అంత తొందరగా పోదు.

ఎవాన్స్-ప్రిచర్డ్ అనే ఇంగ్లీషు మానవశాస్త్రవేత్త దీన్ని ఎగతాళిగా "నేనే గుర్రాన్నైతే" అనే పద్ధతి అన్నాడు. అంటే పండితుడు తన కుర్చీలో కూర్చుని, నేనే ఆటవికుణ్ణైతే చావుని చూసి ఏమనుకునేవాణ్ణి అని ఆలోచిస్తాడు. వచ్చిన జవాబు ఆటవికుడిది కాదు, ఆ పండితుడిదే. ఈ మాట అనడానికి ఎవాన్స్-ప్రిచర్డ్‌కి హక్కుంది, ఎందుకంటే ఆయన 1930లలో సూడాన్‌లో న్యూయెర్ అనే పశువుల కాపరుల మధ్య ఉండి వచ్చాడు. వాళ్ళ మతం మీద పుస్తకం 1956లో రాశాడు. టైలర్ లెక్క న్యూయెర్ దగ్గర ఎలా పోయిందో చూడండి.

న్యూయెర్‌కి క్వోత్ ఉన్నాడు, ఆకాశంలో ఉండే దేవుడు. చిన్నచిన్న దేవతలూ ఉన్నారు, గాలిలో ఉండేవాళ్ళు, కింద ఉండేవాళ్ళు. టైలర్ లెక్క ప్రకారం ఎవరు ముందు రావాలి? చిన్నవాళ్ళు. న్యూయెర్‌ని అడిగితే? చిన్నవాళ్ళు చాలామంది ఈమధ్య వచ్చినవాళ్ళే, పక్కనున్న డింకా తెగ దగ్గర్నుంచి వచ్చారు అంటారు. అంటే కనీసం వాళ్ళకి గుర్తున్నంత మేరకు వరస తిరగబడింది. రెండోది ఇంకా ముఖ్యం. ఆత్మలోంచే దేవత పుట్టిందన్నాడు కదా టైలర్? న్యూయెర్‌కి మనిషిలో ఉండే ఆత్మ వేరు, క్వోత్ వేరు, రెండిటినీ కలపరు. చచ్చిపోయినవాడు మామూలుగా ప్రేతమవుతాడు గాని దేవత కాడు. ఒక్క మినహాయింపు ఉంది. పిడుగు పడి చనిపోయినవాణ్ణి దేవుడు తీసుకెళ్ళాడంటారు, వాడు మాత్రం దేవతల్లో చేరతాడు. ఎవరివల్ల చేరాడు? ముందే ఉన్న దేవుడు తీసుకుపోతే చేరాడు. టైలర్ బాణం గుర్తు ఇటు నుంచి అటు వేస్తే, ఇక్కడ అటు నుంచి ఇటు ఉంది.

దీన్నిబట్టి దేవుడే ముందని ఎవాన్స్-ప్రిచర్డ్ అన్నాడా? అనలేదు. ఆయన 1944లో కాథలిక్ అయ్యాడు, అంటే ఆ మాట అనడానికి ఆయనకే అందరికంటే ఎక్కువ ఆశ ఉండాలి. న్యూయెర్ దేవుణ్ణి క్రైస్తవ దేవుడిలా రాశాడని ఆయన మీద కూడా విమర్శ ఉంది, నాకూ కొన్ని పేజీల్లో అలాగే అనిపించింది. అయినా 1965లో ఈ సిద్ధాంతాలన్నిటి మీదా ఉపన్యాసాల పుస్తకం వేసినప్పుడు, మొదలు తెలుసుకునే దారి మనకి లేదు, ఒక సమాజంలో మతం మిగతావాటితో ఎలా అల్లుకుందో మాత్రం తెలుసుకోవచ్చు అన్నచోటే నిలబడ్డాడు.

యానిమిజం అన్న మాట మాత్రం చచ్చిపోలేదు. ఈమధ్య మళ్ళీ వచ్చింది, కానీ వేరే అర్థంలో. కెనడాలో ఓజిబ్వా అనే ఆదివాసీ తెగ ముసలాయన్ని హాలోవెల్ అనే పరిశోధకుడు అడిగాడు, ఇక్కడ చుట్టూ కనబడే రాళ్ళన్నీ ప్రాణం ఉన్నవేనా అని. ఆయన చాలాసేపు ఆలోచించి, లేదు, కానీ కొన్ని ఉన్నాయి అన్నాడు. టైలర్ అయితే అన్ని రాళ్ళకీ ఆత్మ అంటగట్టేవాడు. ముసలాయన మాట అది కాదు. ఏ రాయి ఎప్పుడు, ఎవరితో ఎలా ప్రవర్తించిందన్నది ఆయనకి ముఖ్యం. నీలగిరుల నాయక తెగ మీద నురిత్ బర్డ్-డేవిడ్ 1999లో రాసిందీ ఈ దారిలోనే, చుట్టూ ఉన్నవాటితో సంబంధం పెట్టుకుని బతకడం అని. అక్కడ ఎవరూ మెట్లు లెక్కపెట్టడం లేదు.

చివరిగా మన ఇంటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. పండితులు వదిలేసిన మెట్టు ప్రభుత్వం ఫారంలో బతికింది. బ్రిటిష్ ఇండియా 1901, 1911 జనాభా లెక్కల్లో మతం కాలమ్‌లో హిందూ, ముస్లిం, క్రైస్తవ, వీటితోపాటు యానిమిస్టు అని ఒకటి ఉంది. మన ఏజెన్సీ కొండల్లోని మనిషి ఏ కాలమ్‌లో పడాలి? ఆయన కొండదేవతకి కోడిని కోస్తాడు. కింద ఊళ్ళో రైతు పోలేరమ్మకి కోస్తాడు. ఒకరు యానిమిస్టు, ఇంకొకరు హిందువు, ఎలా? 1901 లెక్కలు నడిపిన రిస్లీయే, హిందూమతం అంటే తత్త్వశాస్త్రంతో కాస్తో కూస్తో మారిన యానిమిజమే అని రాశాడు. అలాంటప్పుడు గీత ఎక్కడ గీయాలి? లెక్కలు రాసేవాడి ఇష్టం. 1921లో బొంబాయి లెక్కలు చూసిన సెడ్జ్‌విక్, యానిమిజం అన్న మతాన్ని పూర్తిగా తీసేయాలని రాశాడు. 1931లో దాని చోట గిరిజన మతాలు అని వచ్చింది. ఘుర్యే లాంటి సమాజశాస్త్రవేత్తలు వీళ్ళంతా వెనకబడిన హిందువులే అని ఇంకో వాదం చేశారు. అందులోనూ ఒక మెట్టు ఉంది, "వెనకబడిన" అన్న మాటలో.

ఇప్పుడు అదే కాలమ్ గురించి అడుగుతున్నవాళ్ళు వేరు. 2020 నవంబరులో జార్ఖండ్ అసెంబ్లీ, జనాభా లెక్కల్లో సర్నా అనే ఆదివాసీ మతానికి ప్రత్యేక కోడ్ కావాలని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. అడుగుతున్నది ఆ మతం పాటించేవాళ్ళు. ప్రశ్నలుంటే అడగండి, మైకు అటు పంపిస్తాను.